ముందు రాశి, ఆ తర్వాతే గుర్తు

పద సమస్యలను అసమీకరణాలుగా మార్చడం నేర్పేటప్పుడు మన తరగతి గదుల్లో ఒక పట్టిక చలామణీ అవుతోంది. గైడ్లలో అదే ఉంటుంది, కోచింగ్ నోట్సులో అదే ఉంటుంది, నల్లబల్ల మీద ఓ మూల గడి గీసి మరీ దాన్ని రాస్తారు. ‘కనీసం’ అని కనబడితే ≥ వెయ్యాలి. ‘గరిష్ఠంగా’ అనో ‘మించకుండా’ అనో ఉంటే ≤ వెయ్యాలి. ‘కంటే ఎక్కువ’కు >, ‘కంటే తక్కువ’కు <. దీనికి జోడుగా ఇంకో చిట్కా చెబుతారు: ముందు మామూలు సమీకరణంలా = పెట్టి సాధించు, ఆఖరి వరసలో = తీసేసి పట్టికలో ఉన్న గుర్తు పెట్టు, లెక్క అయిపోయింది.

ఈ పట్టికా ఈ చిట్కా రెండూ తప్పుదారి పట్టించేవే అని నా వాదన. అవి అప్పుడప్పుడూ విఫలమవుతాయని మాత్రమే కాదు, విఫలమైనప్పుడు ఆ సంగతి విద్యార్థికి తెలిసే దారి కూడా లేకుండా చేస్తాయి. బడ్జెట్ లెక్కల్లోనూ, పాస్ మార్కుల లెక్కల్లోనూ, అంటే ఈ పాఠం జీవితానికి బాగా దగ్గరగా వచ్చే చోటే, అవి దెబ్బ తీస్తాయి. ఎక్కడ, ఎందుకు అన్నది ఒక్కొక్క లెక్కా చేసి చూపిస్తాను.

ముందుగా పట్టికకు న్యాయం చేద్దాం. అది పనిచేసే చోటు ఒకటుంది. తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు, తప్పు జవాబుకు కోత లేదు. అర్హతకు కనీస మార్కులు ఉన్న వర్గాలకు ఆ హద్దు 25 శాతం, అంటే 40 మార్కులు. సరైన జవాబుల సంఖ్యను x అనుకుంటే x ≥ 40. ‘కనీసం’ ఉంది, ≥ వచ్చింది, జవాబు సరైనదే. అయితే ఇది ఎందుకు కుదిరిందో గమనించాలి. షరతు మార్కుల మీద ఉంది. మనం x అని పేరు పెట్టింది సరైన జవాబులకు. ఒక్కో జవాబుకు ఒక్కో మార్కు, కోత లేదు కాబట్టి ఆ రెండూ ఒకే సంఖ్య. షరతు ఏ రాశి మీద పడిందో, మనం కనుక్కోవాల్సింది కూడా సరిగ్గా అదే రాశి. అలా కలిసొచ్చినంత కాలమే పట్టిక నిలబడుతుంది. ఆ రెండూ వేరైన మరుక్షణం దానికి ఆధారం ఉండదు.

వేరైతే ఏమవుతుందో చూద్దాం. ఓ ఇంట్లో పోయిన నెల కరెంటు బిల్లు 840 రూపాయలు వచ్చింది. ఈ నెల బిల్లు అంతకంటే కనీసం 100 రూపాయలు తక్కువ రావాలని ఇల్లాలి పట్టుదల. ఈ నెల బిల్లు b ఎంత ఉండవచ్చు?

పట్టిక ప్రకారం ‘కనీసం’ ఉంది కాబట్టి ≥ వెయ్యాలి. 840లోంచి 100 తీసేస్తే 740. కాబట్టి b ≥ 740. ఈ జవాబు ప్రకారం బిల్లు రెండు వేలు వచ్చినా ఇల్లాలి కోరిక తీరినట్టే, 600 వస్తే తీరనట్టు. అసలు జవాబు దీనికి సరిగ్గా తలకిందులు: b ≤ 740. లెక్కలో ఉన్న మాట ‘కనీసం’, జవాబులో ఉన్న గుర్తు ≤. ఆ మాటను ఎంత శ్రద్ధగా గుర్తుపట్టిన పిల్లవాడైనా ఇక్కడ తప్పే చేస్తాడు, ఎందుకంటే ఆ శ్రద్ధ పెట్టాల్సిన చోట పెట్టలేదు.

పెట్టాల్సిన చోటు ఏది? ‘కనీసం 100’ అన్నది దేని గురించి అన్న ప్రశ్న. బిల్లు గురించి కాదు, బిల్లులో వచ్చే తగ్గుదల గురించి. తగ్గుదల 100కు తక్కువ కాకూడదు. ఆ తగ్గుదలను b తో రాస్తే 840 − b. ఇప్పుడు 840 − b ≥ 100 అని రాయవచ్చు. ఇక్కడ ≥ న్యాయంగానే వచ్చింది, ఎందుకంటే ఏ రాశి మీద షరతు ఉందో ఆ రాశే గుర్తుకు ఎడమ పక్కన ఉంది. దీన్ని సాధిస్తే b ≤ 740 దానంతట అదే వస్తుంది. గుర్తు తిరగబడడానికి కారణం కూడా కళ్ల ముందే ఉంటుంది: తగ్గుదల పెరగాలంటే బిల్లు తగ్గాలి. నేను ఇందులో చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయమే. గుర్తు మాటకు చెందినది కాదు, రాశికి చెందినది. రాశి ఏదో తేలకుండా గుర్తు వెయ్యకూడదు.

ఇప్పుడు రెండో చిట్కా సంగతి. దీన్ని బడ్జెట్ లెక్క మీదే పరీక్షిద్దాం. చేతిలో 1,500 రూపాయలున్నాయి. ఒక్కో నోట్‌బుక్కు ధర 45 రూపాయలు. తిరుగు ప్రయాణానికి కనీసం 200 రూపాయలు మిగలాలి. ఎన్ని నోట్‌బుక్కులు కొనవచ్చు?

చిట్కా ప్రకారం ముందు సమీకరణం: 1500 − 45n = 200. దీన్ని సాధిస్తే n = 28.88... వస్తుంది. ఇప్పుడు లెక్కలో ఉన్న ‘కనీసం’ చూసి ఆఖరి వరసలో = బదులు ≥ పెడితే n ≥ 28.88. పుస్తకాలు ముక్కలుగా దొరకవు కాబట్టి కనీసం 29 కొనాలి అని జవాబు. అసలు జవాబేమో గరిష్ఠంగా 28. 29 కొంటే 1,305 రూపాయలు అవుతుంది, చేతిలో 195 మిగులుతుంది, షరతు తప్పుతుంది. 28 కొంటే 1,260 అవుతుంది, 240 మిగులుతుంది, షరతు నిలుస్తుంది. అంటే చిట్కా చెప్పిన ప్రతి సంఖ్యా తప్పే, అది కాదన్న ప్రతి సంఖ్యా ఒప్పే.

ఎందుకిలా జరిగింది? సమీకరణాన్ని సాధించేటప్పుడు ఒక మెట్టు మీద −45 తో భాగించాం. సమీకరణంలో రుణసంఖ్యతో భాగించినా = గుర్తు = గానే ఉంటుంది, కాబట్టి ఏం జరిగిందో ఎవరికీ పట్టింపు లేదు. అసమీకరణంలో మాత్రం ఆ మెట్టు దగ్గరే గుర్తు తిరగబడుతుంది. దాన్ని మొదటి వరస నుంచీ వెంటబెట్టుకుని వస్తే ఆ మలుపు కనబడుతుంది. చివర్లో తెచ్చి అతికిస్తే కనబడదు. 

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ సమీకరణం పూర్తిగా పనికిరానిది కాదు. అది సరిహద్దును ఖచ్చితంగా చెప్పింది: 28.88. ఒకే చలరాశి ఉన్న ఏకఘాత అసమీకరణంలో సరిహద్దు సంఖ్యారేఖను రెండు భాగాలు చేస్తుంది, వాటిలో ఒక భాగమంతా ఒప్పు, మరో భాగమంతా తప్పు. ఏది ఒప్పో తేల్చడానికి ఒక్క సంఖ్యను తీసుకుని అసలు కథలో పెట్టి చూస్తే చాలు. పది పుస్తకాలు కొంటే 450 అవుతుంది, 1,050 మిగులుతుంది, షరతు నిలిచింది. కాబట్టి పది ఉన్న వైపే జవాబు. ఇలా పరీక్షించి గుర్తు పెడితే సమీకరణం దారి కూడా మంచిదే. కానీ మన చిట్కాలో ఆ పరీక్ష లేదు. పరీక్ష చెయ్యాల్సిన చోట పట్టికను చూడమంటున్నారు. దాన్నే నేను కాదంటున్నాను.

పట్టిక వల్ల జరిగే మూడో నష్టం, అది లెక్కలో రాసి ఉన్న మాటలకే పరిమితం కావడం. నిజమైన బడ్జెట్‌లో సగం షరతులు మాటల్లో ఉండవు. ఒక బడి విహారయాత్రను తీసుకుందాం. బస్సు అద్దె 9,000 రూపాయలు. మనిషికి భోజనం 120 రూపాయలు. పోగైన సొమ్ము 15,000. ప్రతి పదిమంది పిల్లలకు కనీసం ఒక టీచరు వెళ్లాలని బడి నియమం. ఎంతమంది పిల్లలను తీసుకెళ్లవచ్చు?

పిల్లల సంఖ్య s, టీచర్ల సంఖ్య t అనుకుందాం. డబ్బు గురించి ‘మించకూడదు’ అన్న మాట లెక్కలో ఎక్కడా లేదు. ‘పోగైన సొమ్ము 15,000’ అని మాత్రమే ఉంది. అయినా లేని డబ్బు ఖర్చు పెట్టలేం కాబట్టి మొత్తం ఖర్చు 15,000 దాటదు: 9000 + 120(s + t) ≤ 15000. అంటే s + t ≤ 50. పట్టికనే నమ్ముకున్నవారికి ఈ షరతు రాయడానికి పట్టు దొరకదు, వాళ్లు తరచుగా = పెట్టి వదిలేస్తారు. అలా చేస్తే ఉన్న డబ్బంతా ఖర్చు పెట్టి తీరాలని అర్థం మారిపోతుంది.

రెండో షరతు ఇంకా ప్రమాదకరమైనది. ‘పదిమంది పిల్లలకు కనీసం ఒక టీచరు’ అన్నదాన్ని చదివిన వరసలోనే రాస్తే 10s ≤ t అవుతుంది. పది పక్కన పిల్లలు, ఒకటి పక్కన టీచరు, మధ్యలో ‘టీచర్లు కనీసం ఇంత’ అని చదివించే గుర్తు. చూడడానికి వాక్యానికి అచ్చుగుద్దినట్టు ఉంది. కానీ దాని అర్థం టీచర్ల సంఖ్య పిల్లల సంఖ్యకు పది రెట్లు ఉండాలని. ఈ షరతుతో లెక్క చేస్తే యాత్రకు వెళ్లగలిగే పిల్లలు నలుగురే, వాళ్ల వెంట నలభై మంది టీచర్లు. అసలు షరతు 10t ≥ s. ఒక్కో టీచరు పదిమందిని చూసుకోగలరు, కాబట్టి t మంది టీచర్లు 10t మందిని చూసుకోగలరు, పిల్లల సంఖ్య దాన్ని దాటకూడదు.

ఈ తిరగబడే తప్పు అశ్రద్ధ వల్ల వచ్చేది కాదు. అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు 1982లో దీన్ని ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థుల మీద పరిశీలించి రాశాడు. ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లకు ఆరు రెట్లు విద్యార్థులున్నారన్న వాక్యాన్ని సమీకరణంగా రాయమంటే, మూడో వంతుకు పైగా విద్యార్థులు పొరబడ్డారు. ఎక్కువమంది చేసిన తప్పు ఒకటే: ఆరును ప్రొఫెసర్ల పక్కన పెట్టాల్సింది పోయి విద్యార్థుల పక్కన పెట్టారు. మాటల వరసను గుర్తుల వరసగా దించేయడం ఇందుకు ఒక కారణమని ఆయన తేల్చాడు. వాళ్లు ఇంజనీరింగ్‌లో చేరినవాళ్లు. మాట వెంట గుర్తు అనే అలవాటు వాళ్లనే అంతలా పొరబడేలా చేస్తే, ఆ అలవాటునే పద్ధతిగా నేర్చుకుంటున్న మన బడి పిల్లల గతి ఏమిటి?

లెక్క పూర్తి చేద్దాం. s + t ≤ 50, 10t ≥ s. ఈ రెండూ కలిసి నిలవాలి. నలుగురు టీచర్లు వెళితే పిల్లలు నలభైకి మించకూడదు. ఐదుగురు వెళితే నియమం యాభైమందిని ఒప్పుకుంటుంది కానీ డబ్బు నలభై ఐదుగురికే సరిపోతుంది. ఆరుగురు వెళితే డబ్బు నలభై నలుగురికే. కాబట్టి గరిష్ఠంగా 45 మంది పిల్లలు, వాళ్లతో ఐదుగురు టీచర్లు. ఇప్పుడు లెక్క ఇచ్చినవాళ్లు చెప్పని ఒక సంగతి అడగాలి: బస్సులో సీట్లెన్ని? 49 ఉంటే s + t ≤ 49 అన్న మూడో షరతు చేరుతుంది. అప్పుడు జవాబు 44 మంది పిల్లలు, ఐదుగురు టీచర్లు. డబ్బు కంటే ముందు సీటు అడ్డుపడింది. ఏ షరతు నిజంగా అడ్డుపడుతోంది, ఏది ఉన్నా లేనట్టే అన్నది తెలియడమే ఇలాంటి లెక్కలోంచి మనకు దక్కే ఫలితం. మాటలను ఏరుకునే చదువులో ఈ ప్రశ్నకు చోటే లేదు.

ఇక పాస్ మార్కులు. ఇక్కడ పట్టిక అత్యంత సహజంగా కనబడుతుంది కాబట్టి ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరును, అంటే అందరూ సీశాట్ అనే పేపరును తీసుకుందాం. 2015 నుంచి అది అర్హత పేపరు మాత్రమే, అందులో 33 శాతం వస్తే చాలు. 80 ప్రశ్నలు, మొత్తం 200 మార్కులు. సరైన జవాబుకు 2.5 మార్కులు. తప్పు జవాబుకు అందులో మూడో వంతు కోత. వదిలేసిన ప్రశ్నకు కోత లేదు. 200లో 33 శాతం అంటే 66 మార్కులు.

పట్టిక నేర్చుకున్న అభ్యర్థి ఇలా లెక్కిస్తాడు: కనీసం 66, ఒక్కో ప్రశ్నకు 2.5, కాబట్టి 2.5c ≥ 66, c ≥ 26.4, అంటే 27 సరైన జవాబులు చాలు. ఈ ధీమాతో 40 ప్రశ్నలు గుర్తించి వస్తాడు. అందులో 27 ఒప్పు, 13 తప్పు. వచ్చిన మార్కులు 67.5లోంచి 10.83 పోగా 56.67. పాస్ కాలేదు. అతను వేసిన గుర్తు సరైనదే, సంఖ్య సరైనదే. తప్పిందల్లా రాశి. షరతు ఉన్నది వచ్చిన మార్కుల మీద. వచ్చిన మార్కులు అంటే ఒప్పులు తెచ్చినవి, తప్పులు పోగొట్టినవి రెండూ కలిసిన లెక్క.

తప్పుల సంఖ్య w అనుకుంటే షరతు ఇది:

2.5c − (2.5/3)w ≥ 66

రెండు వైపులా 6/5 తో గుణిస్తే, అది ధనసంఖ్య కాబట్టి గుర్తు మారదు:

3c − w ≥ 79.2

దీనితో పాటు c + w ≤ 80, c, w సున్నాకు తగ్గవు, రెండూ పూర్ణసంఖ్యలు. ఇవేవీ పరీక్ష ప్రకటనలో అసమీకరణాలుగా రాసి ఉండవు, అయినా ఇవి లేకుండా లెక్క లేదు.

ఇక్కడ ఒక చిన్న మెట్టు మీద చాలామంది జారిపడతారు. c, w పూర్ణసంఖ్యలైతే 3c − w కూడా పూర్ణసంఖ్యే. పూర్ణసంఖ్య 79.2కు తగ్గకూడదంటే అది 80 అయినా కావాలి. బడిలో నేర్పిన సవరణ నియమం ప్రకారం 79.2ను 79గా రాస్తే ఏమవుతుంది? 27 ఒప్పులు, రెండు తప్పులు తీసుకోండి. 3c − w = 81 − 2 = 79. వచ్చే మార్కులు 65.83. అర్హత పోయింది. అదే 27 ఒప్పులకు ఒక్క తప్పు మాత్రమే ఉంటే 3c − w = 80, వచ్చే మార్కులు 66.67, అర్హత వచ్చింది. దగ్గరి సంఖ్యకు సవరించడం కొలతలకు పనికొచ్చే నియమం. షరతుకు అది వర్తించదు. కింది హద్దు ఉన్న చోట పైకే వెళ్లాలి, 79.2 అయినా సరే 80కే. పై హద్దు ఉన్న చోట కిందికే రావాలి, నోట్‌బుక్కుల లెక్కలో 28.88 అయినా సరే 28కే. ఎటు వెళ్లాలన్నది దశాంశం చెప్పదు, షరతు చెబుతుంది.

ఇప్పుడు ఈ అసమీకరణం అభ్యర్థికి ఏం చెబుతోందో చూడండి. 80 ప్రశ్నలూ గుర్తిస్తే w = 80 − c. అప్పుడు 4c ≥ 159.2, c ≥ 39.8, అంటే 40 ఒప్పులు కావాలి. 60 మాత్రమే గుర్తిస్తే 4c ≥ 139.2, c ≥ 34.8, అంటే 35 ఒప్పులు చాలు. పరీక్షించి చూద్దాం: 35 ఒప్పులకు 87.5, 25 తప్పులకు కోత 20.83, మిగిలేది 66.67. సరిపోయింది. 34 ఒప్పులు, 26 తప్పులైతే 63.33, సరిపోలేదు. ‘ఎన్ని ఒప్పులు కావాలి’ అన్న ప్రశ్నకు ఒకే సంఖ్య జవాబు కాదని, అది ఎన్ని గుర్తించాడన్నదాని మీద ఆధారపడుతుందని ఇక్కడ తేలుతుంది. ప్రతి మూడు తప్పులూ ఒక ఒప్పును తినేస్తాయని 3c − w చూడగానే అర్థమవుతుంది. పట్టిక ఇచ్చిన 27 అన్న సంఖ్యలో ఈ వివరం ఏదీ లేదు.

పాస్ నియమాల్లోనే ఇంకో రకం పొరపాటుంది. ఒక బడిలో ఆరు సబ్జెక్టులు, ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 35 రావాలి అనుకుందాం. ఇవి ఆరు వేర్వేరు అసమీకరణాలు. పిల్లలు వాటిని కలిపేసి మొత్తం ≥ 210 అని ఒక్కటే రాస్తారు. ఒక అమ్మాయికి 95, 90, 88, 92, 85, 30 వచ్చాయి. మొత్తం 480. 210కి రెట్టింపు దాటింది, అయినా ఆ అమ్మాయి పాస్ కాలేదు. ఆరూ నిలిస్తే మొత్తం 210కి తగ్గదన్నది ఖాయం, కానీ మొత్తం 210 దాటితే ఆరూ నిలుస్తాయన్న హామీ లేదు. అసమీకరణాలను కూడితే కొంత సమాచారం పోతుంది, అది వెనక్కి రాదు. ‘ప్రతి’ అన్న మాట గుర్తును మార్చదు, అసమీకరణాల సంఖ్యను మారుస్తుంది. పట్టికలో దానికి ఎదురుగా ఏ గుర్తూ లేదు, అందుకే అది పిల్లల కంటికి ఆనదు.

పట్టికను సమర్థించేవారి వాదనలు నాకు తెలుసు. మొదటిది, వెనకబడిన పిల్లలకు ఏదో ఒక ఊతం కావాలి కదా అని. ఊతం కావాలి, అందులో సందేహం లేదు. కానీ ఈ ఊతం వాళ్లను ఎటు నడుపుతుందో చూడాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో మేరీ హెగార్టీ, రిచర్డ్ మేయర్, క్రిస్టఫర్ మాంక్ 1995లో ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థులు పద సమస్యలు చదివేటప్పుడు వాళ్ల కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో పరికరంతో నమోదు చేశారు. అవి అంకగణిత సమస్యలే, అసమీకరణాలు కావు. అయినా ఫలితం మన విషయానికి నేరుగా తగులుతుంది. లెక్కలు తప్పుతున్నవాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ చూసింది అంకెలను, ‘ఎక్కువ’ ‘తక్కువ’ లాంటి మాటలను. సరిగ్గా చేస్తున్నవాళ్లు మళ్లీ చూసింది ఆ రాశుల పేర్లను, అంటే ఏది దేనికంటే ఎక్కువ అన్న ‘ఏది’ని. మన పట్టిక ఈ రెండు అలవాట్లలో మొదటిదాన్ని నేర్పుతోంది. వెనకబడిన పిల్లవాడికి వెనకబాటు అలవాటునే పద్ధతిగా ఇచ్చి దాన్ని ఊతం అనడం నాకు బాధ కలిగిస్తుంది.

రెండో వాదన సమయం. పరీక్షలో అంత ఆలోచించే తీరిక ఎక్కడిది అంటారు. నోట్‌బుక్కుల లెక్కలో ‘పది కొంటే’ అని పరీక్షించడానికి పట్టే సమయం ఒక వరస రాసే సమయం కంటే తక్కువ. తప్పు దిశలో రాసిన జవాబును కొట్టేసి తిరగరాయడానికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది, అది కూడా తప్పు అని తెలిస్తేనే. మూడో వాదన, పరీక్షల్లో వచ్చే లెక్కలు పట్టికకు లొంగేవిగానే ఉంటాయని. చాలావరకు నిజమే. అయితే ఆ తప్పు ప్రశ్నపత్రాలు తయారుచేసేవారిది. పట్టికకు లొంగే లెక్కలే ఇస్తూ, వాటిని పట్టికతో చేసినవారికి పూర్తి మార్కులు వేస్తూ, పాఠం వచ్చిందని మనల్ని మనం నమ్మించుకుంటున్నాం.

పట్టిక తీసేస్తే దాని స్థానంలో ఏం పెట్టాలి అని అడుగుతారు. చెబుతాను. మొదట గుర్తులు లేకుండా షరతును సొంత తెలుగులో ఒక వాక్యంగా రాయించాలి: ‘మిగిలే డబ్బు 200కు తగ్గకూడదు’, ‘తగ్గుదల 100 కంటే చిన్నది కాకూడదు’, ‘వచ్చిన మార్కులు 66కు తగ్గకూడదు’. ఆ వాక్యంలో కర్త ఎవరో గీత గీయించాలి. మిగిలే డబ్బు, తగ్గుదల, వచ్చిన మార్కులు. ఆ కర్తను కనుక్కోవాల్సిన సంఖ్యతో రాయించాలి: 1500 − 45n, 840 − b, 2.5c − (2.5/3)w. గుర్తు వెయ్యాల్సింది ఇక్కడ, ఈ మెట్టు మీద, ఇంతకు ముందు కాదు.

ఆ తర్వాత మూడు సంఖ్యలతో పరీక్ష. ఖచ్చితంగా కుదిరే సంఖ్య ఒకటి, ఖచ్చితంగా కుదరని సంఖ్య ఒకటి, సరిగ్గా హద్దు మీదున్న సంఖ్య ఒకటి. కరెంటు బిల్లు 500 అయితే? కుదరాలి. 900 అయితే? కుదరకూడదు. 740 అయితే? తగ్గుదల సరిగ్గా 100, ‘కనీసం 100’ కాబట్టి కుదరాలి. మొదటి రెండూ గుర్తు దిశను తేలుస్తాయి, మూడోది గుర్తు కింద గీత ఉండాలా వద్దా అన్నది తేలుస్తుంది. రాసిన అసమీకరణం ఈ మూడింటికీ కథ చెప్పిన జవాబే చెబితే అది సరైనది. ఒక్కదానికి తేడా చెప్పినా తప్పు ఎక్కడుందో వెతకాలి. పట్టిక ఇవ్వలేనిది ఇదే: టీచరు పక్కన లేకపోయినా తన జవాబు తప్పో ఒప్పో పిల్లవాడే తేల్చుకునే దారి.

ఆఖరున, చెప్పని షరతులను అడిగించాలి. ఇది ముక్కలుగా ఉండగలదా? సున్నాకు తగ్గగలదా? దీనికి పై హద్దు ఉందా? వంద మార్కుల పరీక్షలో ‘x ≥ 82’ అని రాసి వదిలేసే పిల్లవాడు 250 మార్కులను కూడా ఒప్పుకుంటున్నాడు. 82 ≤ x ≤ 100 అన్నది పూర్తి జవాబు. సాధించినప్పుడు 100 దాటిన సంఖ్య కింది హద్దుగా వస్తే, ఆ లక్ష్యం ఇక అందదని దాని అర్థం. అది కూడా ఒక జవాబే, దాన్ని మాటల్లో రాయించాలి.

మూల్యాంకనంలోనూ ఒక మార్పు కోరుతున్నాను. ఇలాంటి లెక్కకు నాలుగు మార్కులుంటే, రాశిని సరిగ్గా రాసినందుకు రెండు, గుర్తుకు ఒకటి, జవాబును పూర్ణసంఖ్యగా, హద్దులతో సరిచూసినందుకు ఒకటి వెయ్యండి. సాధించే మెట్లకు వేరే లెక్కల్లో మార్కులు ఎలాగూ వస్తాయి. మార్కులు ఎక్కడుంటే పిల్లల దృష్టి అక్కడ ఉంటుంది. ఇప్పుడు వాటిని గుర్తు దగ్గర పెట్టి, దృష్టి రాశి మీద లేదని పిల్లలను నిందించడం న్యాయం కాదు.

గైడ్లు రాసేవారికి, నోట్సు తయారుచేసేవారికి, నల్లబల్ల ముందు నిలబడేవారికి నా విన్నపం సూటిగా ఇదే. ఆ పట్టికను తీసెయ్యండి. తీసెయ్యడానికి మనసొప్పకపోతే, దాని పక్కనే కరెంటు బిల్లు లెక్క ఒకటి ఇవ్వండి. ‘కనీసం’ ఉన్న లెక్కలో ≤ వచ్చిందేమిటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంతోనే అసమీకరణాల పాఠం మొదలుపెట్టండి.